ఆయాసం వచ్చాక కాదు, రాకముందే నడవండి

ప్రశ్న: నా వయసు 43. పర్లాకిమిడిలో బట్టల కొట్టు. బీపీకి రెండేళ్లుగా మెటోప్రొలాల్ వేసుకుంటున్నా, అదుపులోనే ఉంది. రోజూ పొద్దున గంట నడుస్తాను. వచ్చే నెల 5 కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చాను గానీ, మొదటి కిలోమీటరుకే ఆయాసంతో ఆగిపోతున్నాను. కాసేపు పరుగు, కాసేపు నడక అయితే నయమంటున్నారు. ఎలా చేయాలి? - ఒక పాఠకుడు

జవాబు: నయమేనండి. మీరిప్పుడు చేస్తున్నదీ ఒకరకంగా అదే, కాకపోతే రొప్పు వచ్చాక నడుస్తున్నారు. పరుగు మొదలైన రెండు మూడు నిమిషాల దాకా కండరాలు అడిగినంత ఆక్సిజన్ అందదు. గుండె, ఊపిరితిత్తులు అందుకోవడానికి ఆ మాత్రం టైం పడుతుంది. ఆలోపే జోరు చేస్తే ఆ బాకీ తీరేదాకా రొప్పుతూనే ఉంటారు.

అందుకని మొదటి నుంచే ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం చురుకైన నడక. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో నిమిషం పరిగెత్తితే 133 మీటర్లు, 6 కిలోమీటర్ల వేగంతో నిమిషం నడిస్తే 100 మీటర్లు. ఈ లెక్కన 5 కిలోమీటర్లు సుమారు 43 నిమిషాల్లో అయిపోతాయి. అదే మొదటి కిలోమీటరు 6 నిమిషాల్లో లాగించి, మిగతా నాలుగూ కిలోమీటరుకి 12 నిమిషాల చొప్పున కాళ్లీడ్చారనుకోండి, 54 నిమిషాలు. పోనీ రెండు నిమిషాల పరుగుకి ఒక నిమిషం నడక పెట్టుకున్నా 41 దాకా పడుతుంది. ఆ రెండు నిమిషాల కోసం ఈసారికి ఆశపడకండి.

చేతి వాచీలో గుండె వేగం చూసి పరుగు పెంచొద్దు. మీరు వేసుకునే మాత్ర గుండె వేగాన్ని పెరగనివ్వదు. నా దగ్గరికొచ్చే ఒకాయన ఇదే మాత్ర వాడుతూ, 120 దాటలేదు కదా అని జోరు పెంచి కల్వర్టు మీద కూలబడ్డాడు. మీకు మాటే కొలత. నడక నిమిషం ముగిసేసరికి "కొట్టు కట్టేసి ఇంటికొచ్చేసరికి రాత్రి పదయింది" అని మధ్యలో ఊపిరి తీసుకోకుండా అనగలగాలి. అనలేకపోతే పరుగు వేగం తగ్గించండి. అప్పటికీ కుదరకపోతే 30 సెకన్ల పరుగు, 30 సెకన్ల నడక. వేగాలు అవే అయితే మొత్తం టైం మారదు.

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, 20 నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. అసలు రోజున డప్పులు మోగగానే అందరూ ఎగబడతారు. మీరు వెనక నిలబడండి. నిమిషానికే నడక మొదలెడితే పక్కవాళ్లు వింతగా చూస్తారు, నిజానికి అదే కష్టం. చివరి కిలోమీటరులో మాట తేలిగ్గా వస్తుంటే అప్పుడు నడక మానేయొచ్చు.

సాధన పెంచే ముందు మీ డాక్టరుకి చూపించుకుని ఈసీజీ తీయించుకోండి. పరుగు రోజు పొద్దున మాత్ర మానకండి. ఛాతీ పట్టేసినా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగి, పక్కవాళ్లను పిలిచి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.