ఖాతా పోయినా ఫారంలో పేరు ఉండాలి

అమ్మలూ,

నిన్న రాత్రి వదిన ఫోన్ చేసింది. యూనివర్సిటీ నుంచి ఐ-20 కాగితం వచ్చిందని చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో పండగ. నాకూ అంతే. మన ఇంట్లోంచి అమెరికాకి ఎమ్మెస్‌కి వెళ్తున్న మొదటి ఆడపిల్లవి. ఆ వెంటనే ఇంకో మాట అంది: "వీసా ఇంటర్వ్యూ భయంతో తెల్లవార్లూ మేలుకుని, ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో తొమ్మిదో తరగతి నుంచి పెట్టినవన్నీ తీసిపారేస్తోంది, కళ్లు ఎర్రబడ్డాయి." అప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఆ పని అక్కడితో ఆపి, ముందు ఇది చదువు.

పాస్‌పోర్టు, సంతకం చేసిన ఐ-20, సెవిస్ ఫీజు రసీదు, బ్యాంకు కాగితాలు ఒకే ఫైల్లో పెట్టుకో. అవి నీకు చెప్పాల్సినవి కావు.

నా భయమంతా డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం గురించే. సొంత పోస్టు తీసేయడం తప్పని ఎవరూ అనరు. కానీ ఆ ఫారం నీ పోస్టుల లెక్క అడగదు, గడిచిన ఐదేళ్లలో నువ్వు ఏయే సోషల్ మీడియా వాడావో, అక్కడ నీ యూజర్‌నేమ్ ఏమిటో అడుగుతుంది. 2019 నుంచీ ఆ ప్రశ్న ఉంది. "వాడావా" అన్నదే ప్రశ్న, "ఇప్పుడు వాడుతున్నావా" అని కాదు. నిన్న తీసేసిన ఖాతా కూడా ఆ ఐదేళ్లలోదే. పాస్‌వర్డ్ మాత్రం ఆ ఫారం అడగదు. ఎవరైనా ఏజెంటు అడిగితే ఇవ్వకు. 2025 జూన్ నుంచి చదువుకోడానికి వెళ్లేవాళ్లు ఖాతాలన్నీ పబ్లిక్‌లో పెట్టాలని కూడా చెప్పారు.

నరసరావుపేట వైపు అబ్బాయి కథ చెప్తాను, విను. పేరెందుకులే. బుద్ధిమంతుడు, మార్కులు మంచివి. ఇంజినీరింగ్‌లో ఉండగా ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక హీరో పేరిట ఇన్‌స్టాగ్రామ్‌లో ఫ్యాన్ పేజీ నడిపాడు. అవతలి హీరో అభిమానులతో వాళ్లు ఆడిన మాటలు నీకు నేను రాయక్కర్లేదు. ఫారం నింపేటప్పుడు సొంత ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ రెండే రాశాడు. పేజీ "నాది కాదు, ముగ్గురిదీ" అనుకున్నాడు. ఇంటర్వ్యూకి మూడు రోజుల ముందు ఎవరో భయపెట్టారు. ఆ రాత్రి ఫేస్‌బుక్‌లో ఆరేళ్ల పోస్టులు గుత్తగా తీసేశాడు, ఫ్యాన్ పేజీ ఖాతాను డిలీట్ చేశాడు. ఫారం జోలికి మాత్రం పోలేదు.

నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో కిటికీ దగ్గర ఆఫీసరు మొదట కోర్సు గురించి అడిగింది, ఫీజు ఎవరు కడుతున్నారని అడిగింది. తర్వాత మామూలుగా, "ఈ రెండేనా, ఇంకేమైనా ఖాతాలున్నాయా?" అంది. "లేవు" అన్నాడు. ఆవిడ స్క్రీన్ వంక చూసి మళ్లీ అదే అడిగింది. అప్పుడు గుటక మింగి, ఒక పేజీ ఉండేదని, మొన్ననే తీసేశానని చెప్పాడు. చేతికి 221(జి) కాగితం వచ్చింది. అంటే అప్పటికి వీసా ఇవ్వలేదు, ఇంకా చూడాలి అని.

వాళ్లకెలా తెలిసిందో చెప్పరు. కానీ ఇంటికొచ్చి వెతికితే ఐదు నిమిషాల్లో దొరికింది. స్నేహితుడు పెట్టిన పుట్టినరోజు ఫోటో కింద "మా అడ్మిన్‌గాడికి" అంటూ పేజీ పేరు రాసి ఉంది. మన ఖాతా పోయినా అవతలివాళ్ల క్యాప్షన్‌లో రాసిన పేరు పోదు. మనం చీపురు పట్టేది మన వాకిట్లోనే కదా.

ఖాతా డిలీట్ చేసి ముప్పై రోజులు దాటలేదు కాబట్టి మళ్లీ లాగిన్ అయితే తిరిగొచ్చింది. దాన్ని పబ్లిక్‌లో పెట్టి, అన్ని పేర్లతో కొత్త డీఎస్-160 నింపి పంపాడు. ఏడు వారాలకు వీసా వచ్చింది, కానీ ఈలోగా ఆగస్టు క్లాసులు మొదలైపోయాయి. జనవరికి మార్పించుకుని కొత్త ఐ-20 తెచ్చుకున్నాడు. అద్దెకి కట్టిన అడ్వాన్సు పోయింది. అయినా అదృష్టవంతుడే. అదే కిటికీ దగ్గర, ఆ నిమిషంలోనే మాట సరిదిద్దుకున్నాడు. "లేవు" మీదే నిలబడి ఉంటే, కావాలని అబద్ధం చెప్పాడని రాస్తే, అది ఒక ఏడాదితో పోయే మచ్చ కాదు. జీవితాంతం వీసాకి అడ్డు పడొచ్చు.

ఇప్పుడు నీ సంగతి. ముందు తీసేయడం కాదు, దాచుకోవడం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండిట్లోనూ నీ సమాచారమంతా ఒక కాపీ అడుగు. అది రావడానికి ఒక్కోసారి రోజులు పడుతుంది, అందుకే ఈ రాత్రే అడగమంటున్నాను. తర్వాత నీ పాత మెయిల్ తెరిచి "Welcome to" అనీ "verify your email" అనీ వెతుకు. మర్చిపోయిన ఖాతాలు అక్కడ బయటపడతాయి. రెడిట్‌లో ఒకటి, యూట్యూబ్‌లో ఒకటి, ఎప్పుడో ప్రాజెక్టు కోసం తెరిచిన ఇంకొకటి. అన్నీ ఒక కాగితం మీద రాయి, పేరు మార్చి ఉంటే పాత పేరు కూడా. టిక్‌టాక్ గురించి కంగారుపడకు. 2020 జూన్‌లో ఇక్కడ ఆపేశారు, ఆ తర్వాత నువ్వు వాడలేదు, ఐదేళ్లు దాటిపోయింది.

ఆ కాగితాన్ని నువ్వు పంపిన ఫారం పక్కన పెట్టి చూడు. ఒక్క పేరు తగ్గినా పాత ఫారాన్ని దిద్దడం కుదరదు. కొత్తది నింపి పంపాలి, దాని కొత్త నంబరును అపాయింట్‌మెంట్ ప్రొఫైల్లో కూడా మార్చాలి. చాలామంది ఈ రెండో పని మర్చిపోయి గేటు దగ్గర ఏడుస్తారు. నీ ఇంటర్వ్యూకి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి, ఈ వారంలోనే చేసెయ్. కన్సల్టెన్సీలో ఎవరైనా "NONE పెట్టెయ్, ఎవరు చూస్తారు" అంటే లేచి వచ్చెయ్. సంతకం నీది, వాడిది కాదు.

ఇక తీసేయాల్సినవి. నువ్వు హాల్‌టికెట్ ఫోటో పెట్టావు చూడు, పుట్టిన తేదీతో సహా, అది తీసెయ్. ఫోన్ నంబరు ఉన్నవి తీసెయ్. కావ్యతో పందెం కాసి, "వెళ్లగానే గ్యాస్ స్టేషన్‌లో చేరిపోతా, ఇక ఇటు రాను" అని రాశావు. నేను చూశానులే, నవ్వాను కూడా. తెలుగు రాని మనిషి చేతిలో ఆ ముక్క అనువాదమై పడితే అందులో నవ్వు మిగలదు. క్యాంపస్ బయట పని చేస్తాననీ తిరిగి రాననీ రెండు మాటలే మిగులుతాయి. తీసెయ్, అడిగితే సరదాకి రాశానని నిజం చెప్పు. కాలేజీ గొడవలు, ర్యాంకుల ఏడుపులు, పండగ చీరలు, వాటితో ఎవరికీ పని లేదు, ఉండనీ. నాలుగైదు పోస్టులు తీసిన ఖాతా మామూలుగానే ఉంటుంది. ఎనిమిదేళ్ల ఖాతాలో మొన్న పెట్టిన ఒక్క ఫోటోనే మిగిలితే మాత్రం ఎందుకని అడగబుద్ధేస్తుంది. లింక్డిన్‌లో ఇంటర్న్‌షిప్ ఆర్నెల్లు అని ఉంది, ఫారంలో మూడు నెలలని రాశావట. ఏది నిజమో చూసి ఆ రెండూ ఒకటి చెయ్. నన్నడిగితే పాత పోస్టులన్నిటికంటే అదే పెద్ద తలనొప్పి.

ఇంటర్వ్యూ రోజు లోపలికి ఫోన్ పట్టుకెళ్లనివ్వరు. పేర్ల కాగితం ఫైల్లో పెట్టుకో, ఫోన్ అన్నయ్య దగ్గర వదిలెయ్.

ఇంకొకటి. ఇప్పటికే తీసేసినవి ఫేస్‌బుక్‌లో Trash అని, ఇన్‌స్టాగ్రామ్‌లో Recently deleted అని ఉన్నచోట నెల రోజులుంటాయి. 2019 సంక్రాంతికి మామ్మ ముగ్గు పక్కన కూర్చున్న ఫోటో అందులో ఉందేమో చూడు. ఉంటే ఈ రాత్రే వెనక్కి తెచ్చెయ్. నా దగ్గర కూడా వేరే కాపీ లేదు.

మీ అత్త