తప్పుకి టిక్కు, ఒప్పుకి ఇంటు: షీట్ ఎక్కడ పొరబడింది?

సందేహం: ఇంటర్ ఫస్టియర్‌కి ఫిజిక్స్ చెబుతాను. స్లిప్ టెస్టులు దిద్దలేక ఎక్సెల్లో ఒక షీట్ చేసుకున్నాను. ద్రవ్యవేగం ముందూ తర్వాతా సమానమా, గతిజశక్తి ముందూ తర్వాతా సమానమా అని చూసి, రెండిట్లోనూ తేడా 10 శాతంలోపు ఉంటే టిక్కు పెడుతుంది. మొన్నటి లెక్క ఇది: 2 కిలోల బండి కుడివైపు సెకనుకు 6 మీటర్లతో, 1 కిలో బండి ఎడమవైపు 3 మీటర్లతో ఎదురెదురుగా వచ్చి ఢీకొని అతుక్కుపోయాయి. తర్వాతి వేగం 5 అనీ, 5.2 అనీ రాసినవాళ్లకి టిక్కు పడింది. 3 అని రాసినవాళ్లకి ఇంటు పడింది. చేతితో చేస్తే నాకూ 3 వస్తోంది! వేగాల దగ్గర పొరపాటున మైనస్ పడకుండా డేటా వాలిడేషన్ కూడా పెట్టాను. దిశకి వేరే కాలమ్ ఉంది. ఎక్సెల్లో లోపమా?
— ఒక లెక్చరర్, తెనాలి

జవాబు: ఎక్సెల్ తప్పేం లేదండీ. మీరు చెప్పింది చెప్పినట్టే చేసింది. పిల్లలు ఏ రెండు తప్పులు చేస్తారని దిద్దుతున్నారో, ఆ రెండూ షీట్‌లోనే ఉన్నాయి. అందుకే తప్పు చేసినవాళ్లతో ఏకీభవించింది, సరిగ్గా చేసినవాళ్లని పట్టుకుంది.

మొదటిది గుర్తు. దిశకి కాలమ్ పెట్టారు సరే, దాన్ని ఏ ఫార్ములా అయినా చదువుతోందా? 'ఎడమ' అన్న మాట ఆ గడిలో ఊరికే కూర్చుంది. వాలిడేషన్ మైనస్‌ని లోపలికి రానివ్వలేదు కాబట్టి షీట్ లెక్కలో ఢీకి ముందు మొత్తం ద్రవ్యవేగం 12, 3 కలిపి 15 అయింది. నిజానికి 12 లోంచి 3 తీసేస్తే 9. అతుక్కున్నాక మొత్తం 3 కిలోలు కాబట్టి 15 అయితే వేగం 5, 9 అయితే 3.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. 5 అనేది పిచ్చి అంకె కాదు, వేరే లెక్కకి సరైన జవాబు. చిన్న బండి కూడా కుడివైపే 3 మీటర్ల వేగంతో పోతుంటే, వెనక నుంచి పెద్దది వచ్చి గుద్దితే, రెండూ కలిసి కచ్చితంగా 5తో సాగుతాయి. అందుకే ఈ తప్పు చూడటానికి అంత నమ్మకంగా ఉంటుంది. 'జవాబు రెండు తొలి వేగాల మధ్యలో ఉందా' అని చూస్తే ఉంది. 'శక్తి పెరగలేదు కదా' అని చూస్తే పెరగలేదు. 40.5 జౌళ్ల నుంచి 37.5కి దిగింది. గుర్తుతో కూడిన ద్రవ్యవేగం ఒక్కటే దీన్ని పట్టిస్తుంది: ముందు 9, తర్వాత 15.

రెండోది శక్తి. అతుక్కుపోయిన బండ్లకి గతిజశక్తి సమానంగా ఉండాలని అడిగితే సరైన జవాబు ఎప్పటికీ పాస్ కాదు. ముందు 40.5 జౌళ్లు, 3తో సాగితే 13.5. మిగతా 27 జౌళ్లు నొక్కుకోవడానికీ, చప్పుడుకీ, వేడికీ పోయాయి. పిల్లలు 'వేడి అంటే చెయ్యి కాలాలి కదా సార్' అంటారు. ఇనుప బండ్లే అయి, ఆ 27 జౌళ్లూ వేడిగానే మారాయనుకున్నా, మూడు కిలోల ఇనుము వేడెక్కేది డిగ్రీలో యాభయ్యో వంతు. చెయ్యి పెడితే తెలియదు, కానీ మూడింట రెండు వంతుల గతిజశక్తి పోయినట్టే.

శక్తి సమానం అని మొదలుపెట్టినవాళ్లకి వేగం వర్గం 27 వస్తుంది, వర్గమూలం 5.196. వాళ్లే 5.2 బ్యాచ్. వర్గమూలం తీసేసరికి దిశ ఎలాగూ పోతుంది. మైనస్ 3 అయినా ప్లస్ 3 అయినా వర్గం 9యే. కాబట్టి ఈ దారిలో వెళ్లిన పిల్లవాడికి గుర్తు మర్చిపోయానన్న అనుమానం కూడా రాదు.

ఇక మీ 10 శాతం. అసలు దొంగ అదే. 5కి ద్రవ్యవేగం 'సరిపోయింది', శక్తిలో తేడా 7.4 శాతం, కాబట్టి టిక్కు. 5.2కి శక్తి సరిపోయింది, ద్రవ్యవేగం 15.6, తేడా 4 శాతం, మళ్లీ టిక్కు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు రెండు వేర్వేరు తప్పులు చేసి, జవాబులు పోల్చుకుని 'రౌండింగ్‌లో తేడా వచ్చిందిలే' అనుకుని ఉంటారు. నాకైతే అంకెలు చూడగానే నవ్వొచ్చింది.

ఇప్పుడు మరమ్మతు. వాలిడేషన్ తీసేయండి, దిశ కాలమ్ కూడా తీసేయండి, ఎడమవైపు వేగాన్ని -3 అనే టైప్ చేయండి. ప్రశ్నపత్రం మీద 'కుడివైపు ధనం' అని ఒక ముక్క రాయండి. లేకపోతే ఎడమవైపుని ధనంగా తీసుకుని -3 అని రాసినవాడికి అన్యాయంగా ఇంటు పడుతుంది. వాడి లెక్కలో తప్పేం లేదు. ఇంకో చిక్కు: వర్డ్ ఫైల్ నుంచో వాట్సాప్ నుంచో అంకెలు కాపీ చేస్తే మైనస్ బదులు పొడుగు గీత రావచ్చు. ఎక్సెల్ దాన్ని అంకెగా కాక మాటగా తీసుకుని `#VALUE!` అంటుంది. ఆ గడిలో అంకె ఎడమ అంచుకి అతుక్కుని కనిపిస్తే అనుమానించండి.

A, B లలో ద్రవ్యరాశులు, C, D లలో తొలి వేగాలు, E లో ప్రత్యావస్థాన గుణకం (e), F, G లలో విద్యార్థి రాసిన తుది వేగాలు ఉన్నాయనుకుందాం. అతుక్కుపోతే E లో 0, F, G రెండిట్లోనూ అదే వేగం. పూర్తి స్థితిస్థాపక అభిఘాతమైతే E లో 1. H లో ద్రవ్యవేగం పరీక్ష:

```
=ABS((A2*C2+B2*D2)-(A2*F2+B2*G2))<=0.02*(A2*ABS(C2)+B2*ABS(D2))
```

కుడివైపున మొత్తం ద్రవ్యవేగంలో 2 శాతం అని కాకుండా ఇలా పరిమాణాలు కలిపి ఎందుకు తీసుకున్నానంటే, సమాన బండ్లు సమాన వేగాలతో ఎదురెదురుగా వస్తే మొత్తం సున్నా. సున్నాతో భాగించి శాతం కడితే `#DIV/0!` వస్తుంది. ABS ఇక్కడ ఎంత తేడా వదలాలో చెప్పడానికే తప్ప, ద్రవ్యవేగం కట్టడానికి కాదు.

గతిజశక్తి పరీక్షని పూర్తిగా తీసేసి, దాని చోట I లో ఇది పెట్టండి:

```
=ABS((G2-F2)-E2*(C2-D2))<=0.02*ABS(C2-D2)
```

అంటే విడిపోయే వేగం, దగ్గరైన వేగానికి e రెట్లు ఉందా అని. మన బండ్లు దగ్గరైన వేగం 6 లోంచి -3 తీసేస్తే 9. e విలువ 1 అయితే పెద్ద బండి ఆగిపోయి, చిన్నది 9తో కుడివైపుకి వెనక్కి పోతుంది. e విలువ 0.5 అయితే 1.5, 6. అతుక్కుపోతే 3, 3. H, I రెండూ సరిపోతే శక్తి లెక్క దానంతటదే సరిపోతుంది. పోయిన శక్తి ఈ లెక్కలో 27(1 − e²) జౌళ్లు, అంటే e విలువ 1 అయితే సున్నా, 0.5 అయితే 20.25, సున్నా అయితే 27. శక్తిని విడిగా అడగాల్సిన అవసరమే లేదు.

శక్తి పరీక్ష కంటే ఇది మేలనడానికి ఇంకో కారణం ఉంది. స్థితిస్థాపక లెక్కల్లో ద్రవ్యవేగం, శక్తి సమీకరణాలు రెండూ కలిపి సాధిస్తే రెండు జవాబులొస్తాయి. ఒకటి 0, 9. రెండోది 6, -3, అంటే మొదలుపెట్టిన వేగాలే! బండ్లు దెయ్యాల్లా ఒకదాన్లోంచి ఒకటి దూరిపోయినట్టు. రెండోదే రాసిన పిల్లవాడికి మీ పాత షీట్ టిక్కు పెడుతుంది, ఎందుకంటే ద్రవ్యవేగమూ మారలేదు, శక్తీ మారలేదు. కొత్త పరీక్షలో విడిపోయే వేగం +9 రావాల్సిన చోట -9 వస్తుంది, దొరికిపోతాడు.

ఎవరు ఏ తప్పు చేశారో కూడా తెలియాలంటే, అతుక్కుపోయే లెక్కల వరసలకి మాత్రం J లో ఇది వేయండి:

```
=IF(AND(H2,I2),"సరి",
 IF(ABS(F2-(A2*ABS(C2)+B2*ABS(D2))/(A2+B2))<0.05,"గుర్తు వదిలేశారు",
 IF(ABS(F2-SQRT((A2*C2^2+B2*D2^2)/(A2+B2)))<0.05,"శక్తి సమానం అనుకున్నారు",
 "పేపర్ చూడాలి")))
```

5కి 'గుర్తు వదిలేశారు' అనీ, 5.2కి 'శక్తి సమానం అనుకున్నారు' అనీ వస్తుంది. ఇద్దరికీ చెప్పాల్సిన పాఠం వేరు కాబట్టి ఈ కాలమ్ మీకు టిక్కుల కంటే ఎక్కువ పనికొస్తుంది.

బాంబు పేలి ముక్కలయ్యే లెక్కలు, తుపాకీ వెనక్కి తన్నే లెక్కలు ఈ షీట్‌లో I దగ్గర కుదరవు. వాటికి దగ్గరైన వేగమే సున్నా, శక్తి లోపలి నుంచి వచ్చి పెరుగుతుంది. అక్కడ H ఒక్కటే చూడండి. వాటిలో ముందు అన్నీ నిశ్చలంగా ఉంటే H లో కుడివైపు కూడా సున్నా అవుతుంది కాబట్టి, దాని చోట 0.05 లాంటి చిన్న అంకె పెట్టుకోండి. ఏటవాలుగా గుద్దుకునే రెండు దిశల లెక్కలకైతే x కి ఒక H, y కి ఒక H కావాలి.

పేపర్ సెట్ చేసేటప్పుడు మాత్రం రెండు తొలి వేగాల పరిమాణాలూ సమానంగా ఇవ్వకండి. 4, -4 ఇస్తే గుర్తు మర్చిపోయినవాడికీ 4 వస్తుంది, శక్తి సమానం అనుకున్నవాడికీ 4 వస్తుంది, ఎవరిది ఏ తప్పో J చెప్పలేదు. ఇదే బండ్లకి 6, -1 ఇవ్వండి. సరైనది 3.67, గుర్తు వదిలేస్తే 4.33, శక్తి సమానం అనుకుంటే 4.93.