గుట్టు విప్పేది ఒక్కోసారి క్రియాపదమే

"నా సస్పెన్స్ నవలకి నిమిషం నిడివి ట్రైలర్ చేయిస్తున్నాను. ముగింపు తెలిసిపోకుండా కథ మీద ఆసక్తి పుట్టించేలా స్క్రిప్ట్ ఎలా రాయాలి?"

నవలలో మొదటి పావు వంతు దాటిన సంగతి ఏదీ స్క్రిప్టులోకి రానివ్వకండి. ఇది నేనూ పాటించాను. అయినా గుట్టు బయటపడింది.

నా నవలలో భర్త పోయిన ఏడాదికి ఒకావిడకి ప్రతి సోమవారం ఆయన చేతిరాతతోనే ఉత్తరం వస్తుంటుంది. రాస్తున్నదెవరన్నదే కథ. ట్రైలర్ చివర గంభీరంగా ఉంటుందని "ఆ రాత తెలిసినవాడు ఇంకొకడున్నాడు" అని రాశాను. మా చెల్లెలు ట్రైలర్ చూసి నవల మొదలుపెట్టింది. నాలుగో అధ్యాయంలోనే పుస్తకం మూసి, "ఆ ఇంట్లో మగవాడు ఒక్కడేగా!" అంది. నాకు నోట మాట రాలేదు. పన్నెండు అధ్యాయాలపాటు దాచుకున్న పేరు అది.

తెలుగులో ఈ బెడద ఉంది. మాట చివరి అక్షరం ఆడో మగో చెప్పేస్తుంది, ఒక్కరో పదిమందో కూడా చెప్పేస్తుంది. "ఎవరో రాస్తున్నారు" అంటే గుట్టు నిలుస్తుంది కానీ పస ఉండదు. అందుకే మనిషిని పక్కనబెట్టి ఉత్తరాన్నే కర్తని చేశాను. తిరగరాసిన స్క్రిప్ట్ ఇది:

నల్లటి తెర. తలుపు కింది సందులోంచి కవరు జారిన చప్పుడు.
గొంతు: "సోమవారం ఉత్తరం వచ్చింది."
కవరు మీది చిరునామా, బాగా దగ్గరగా.
గొంతు: "ఆయన రాతే. ఒత్తులన్నీ కుడికి వాలి ఉన్నాయి."
కవరు చింపబోయిన వేళ్లు ఆగిపోతాయి.
గొంతు: "ఆయన పోయి ఏడాదైంది."
మూడు సెకన్లు నిశ్శబ్దం. మళ్లీ అదే చప్పుడు. తెర మీద నవల పేరు.

చావు కబురు మూడో మాటగా ఉండటం ముఖ్యం. మొదటే చెబితే అది విషాద కథ అనుకుంటారు. చేతిరాత చూశాక చెబితే వెన్ను జలదరిస్తుంది. కవరు మాత్రం తెరవకూడదు. తెరిస్తే లోపలి వాక్యం చూపించాలి, ఆ వాక్యం రాసినవారి పోలిక చెప్పేస్తుంది.

వీడియో చేసే అతను ఉత్తరాలు తగలబడే షాట్ పెడదామని పట్టుబట్టాడు. అది చివరి అధ్యాయంలోది! ఎడిటింగ్ చేసేవాళ్లు అందమైన షాట్ కోసం కథని బలిపెడతారు, గట్టిగా కాదనండి. పాత్రల ముఖాలు చూపించడం కూడా నాకు గిట్టదు. పాఠకుడు ఊహించుకోవాల్సిన ముఖాన్ని మనమే లాక్కున్నట్టు అవుతుంది.

నిమిషంలో మాటలు మరీ ఎక్కువైతే వినేవాళ్లు వెనకబడతారు. స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదవండి. తర్వాత నవల చదవని ఇద్దరికి విడివిడిగా వినిపించి, ముగింపు ఊహించమనండి. ఇద్దరూ ఒకే పేరు చెబితే, మీ క్రియాపదాలన్నీ మళ్లీ చూసుకోండి.