2.4లోనే కలిసే స్మార్ట్ ప్లగ్ లోపమున్న వస్తువేనా?

ప్రశ్న: ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో రెండు స్మార్ట్ ప్లగ్‌లు, నాలుగు బల్బులు కొన్నాను. నా ఫోన్ 5 గిగాహెర్ట్జ్ వైఫైలో ఉంటుంది. ఒక్కటీ కనెక్ట్ కావడం లేదు. అమ్మినవాళ్లేమో ‘ఇవి 2.4కే పనిచేస్తాయి, అది లోపం కాదు, వెనక్కి తీసుకోం’ అంటున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. అది నిలుస్తుందా లేదా అన్నది మాత్రం రెండు విషయాల మీద ఉంటుంది. అమ్మేటప్పుడు వాళ్లు ఏం చెప్పారన్నది మొదటిది. 2.4 సిగ్నల్ ఒక్కటే ఉన్నప్పుడు మీ ప్లగ్ కలుస్తుందా అన్నది రెండోది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) ప్రకారం, చట్టమో ఒప్పందమో కోరే ప్రమాణానికే కాదు, అమ్మకందారు ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణానికి వస్తువు తగ్గినా అది లోపమే. కాబట్టి పెట్టె మీదా, అమ్మకం పేజీలోనూ ‘2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే’ అని స్పష్టంగా ఉంటే, 5లో కలవకపోవడం లోపం కాదు. ‘ఏ వైఫైతోనైనా పనిచేస్తుంది’ అనో, ‘డ్యూయల్ బ్యాండ్’ అనో రాసి ఉంటే మీ వాదనకు బలం ఉంది. ఆ పేజీని తేదీ కనిపించేలా ఈరోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నోటీసు అందాక పేజీలో మాటలు మారిపోవచ్చు.

ఇక పరీక్ష. నోటీసుకు ముందే చేయండి, మొత్తం వీడియో తీయండి. ఈ ప్లగ్‌లలో ఉండే రేడియోకు 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అసలు వినిపించదు. చాలా యాప్‌లు ఫోన్ అప్పుడు ఏ నెట్‌వర్క్‌లో ఉందో ఆ పేరునూ పాస్‌వర్డ్‌నూ ప్లగ్‌కు అందిస్తాయి. ఆ పేరు 5లో మాత్రమే ఉంటే ప్లగ్ ఎంత వెతికినా దొరకదు. రౌటర్ పంపే రెండు బ్యాండ్‌లకూ, అంటే 2.4కూ 5కూ, ఒకే పేరున్నా చిక్కే: ఫోన్ 5లో పంపిన సంకేతాలు 2.4లో చెవి పెట్టుకుని ఉన్న ప్లగ్ దాకా రాకపోవచ్చు.

రౌటర్ కింద అంటించిన స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్‌ను (సాధారణంగా `192.168.0.1` లేదా `192.168.1.1`) బ్రౌజర్‌లో తెరిచి లాగిన్ అవ్వండి. రెండు బ్యాండ్‌లనూ ఒకే పేరు కింద కలిపే `Smart Connect` ఉంటే ఆపేసి, 5 గిగాహెర్ట్జ్‌ను తాత్కాలికంగా ఆఫ్ చేయండి. భద్రత `WPA3` మాత్రమే అని ఉంటే `WPA2`కు మార్చండి. పాత రకం రేడియోలు ఇక్కడే ఆగిపోతుంటాయి. గెస్ట్ నెట్‌వర్క్ వాడకండి. ఫోన్‌ను అదే వైఫైకి కలిపి, యాప్‌కు లొకేషన్ అనుమతి ఇవ్వండి. తర్వాత ప్లగ్ బటన్‌ను లైటు వేగంగా మిణుకుమనే దాకా నొక్కి పట్టుకోండి. చాలా ప్లగ్‌లకు ఐదు సెకన్లు సరిపోతాయి. బల్బునైతే మాన్యువల్‌లో చెప్పినన్నిసార్లు ఆర్పి వెలిగించాలి. అప్పటికీ కలవకపోతే, యాప్‌లో ఏపీ మోడ్ ఉంటే అదీ ప్రయత్నించండి. అందులో ఫోన్ నేరుగా ప్లగ్ పంపే వైఫైకి కలిసి వివరాలు అందిస్తుంది.

కలిసిందా? అయితే 5ను మళ్లీ ఆన్ చేసి, ఫోన్‌ను దానికే మార్చుకోండి. రెండు బ్యాండ్‌లూ ఒకే రౌటర్‌వి కాబట్టి ప్లగ్ 2.4లో, ఫోన్ 5లో ఉన్నా మామూలుగా పనిచేస్తాయి. అప్పుడు, పెట్టె మీద 2.4 అని రాసి ఉంటే, కేసు వేయొద్దనే నా సలహా. వస్తువు చెప్పినట్టే పనిచేస్తోందని ఆ వీడియోయే చూపిస్తుంది.

ఆరింటిలో ఐదు కలిసి, ఒక్క ప్లగ్ మాత్రం అదే గదిలో, అదే పాస్‌వర్డ్‌తో, రెండు పద్ధతుల్లోనూ కలవలేదనుకోండి. అప్పుడు తప్పు రౌటర్‌ది కాదని మిగతా ఐదే నిరూపిస్తాయి. ఆ ఒక్కదానికి మీ కేసు గట్టిది. ఒక్కటీ కలవకపోతే మాత్రం తొందరపడకండి. తెలిసినవాళ్ల ఇంట్లో వేరే రౌటర్‌తో ఒకసారి చూడండి. లేదంటే ఎదుటి పక్షం మొదట వేలు చూపేది మీ రౌటర్ వైపే.

లోపం తేలినా, ప్రకటనలో చెప్పిన లక్షణం లేకపోయినా, మార్కెట్‌ప్లేస్‌లో అమ్మినవారు వస్తువును వెనక్కి తీసుకోవడానికీ డబ్బు తిరిగివ్వడానికీ నిరాకరించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. బిల్లు, స్క్రీన్‌షాట్, వీడియో జతచేసి, పదిహేను రోజుల గడువుతో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ ఫిర్యాదు నమోదు చేయించండి; ఇంత చిన్న వివాదాలు అక్కడే తేలే అవకాశం ఉంది. తేలకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, వివాదం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల లోపు. అప్పటిదాకా ఆ ప్లగ్‌ను విప్పకండి, రిపేరుకు ఇవ్వకండి. అవసరమైతే కమిషన్ దాన్ని ల్యాబ్‌కు పంపించగలదు.