ఐగెన్ వెక్టర్ కోసం A − λI నల్ స్పేస్‌లోనే ఎందుకు వెతకాలి?

ప్రశ్న: ఐగెన్ వాల్యూ వచ్చాక A ని పక్కన పెట్టి A − λI అనే వేరే మ్యాట్రిక్స్ తీసుకుంటాం, దాని నల్ స్పేస్ వెతుకుతాం. ఎందుకు? స్టెప్పులు వచ్చు, కారణం మాత్రం అర్థం కావట్లేదు. పరీక్ష దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: బీటెక్ మొదటి సంవత్సరం పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. ఈ సందేహం ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. నేను ముందు ఫార్ములా జోలికి వెళ్లకుండా, ఒక మ్యాట్రిక్స్ ఇచ్చి రెండు వెక్టర్లను గుణించమంటాను.

```
A = | 4  1 |
    | 2  3 |
```

(1, 0) ని గుణిస్తే (4, 2) వస్తుంది, అంటే దిశ మారిపోయింది. (1, 1) ని గుణిస్తే (5, 5) వస్తుంది. దిశ అదే, పొడవు మాత్రం 5 రెట్లయింది. అందుకే (1, 1) ఐగెన్ వెక్టర్, 5 దాని ఐగెన్ వాల్యూ. దీన్నే Av = λv అని రాస్తాం.

ఇక్కడ v రెండు వైపులా ఉంది, తెలియనిది కూడా అదే. కాబట్టి కుడివైపు పదాన్ని ఎడమకు తెస్తాం: Av − λv = 0. ఇప్పుడు v ని కామన్‌గా బయటికి తీయాలి. A − λ అని రాయలేం, ఎందుకంటే A మ్యాట్రిక్స్, λ ఒట్టి సంఖ్య. ఐడెంటిటీ మ్యాట్రిక్స్ ఏ వెక్టర్‌నీ మార్చదు కనుక λv ని λIv అని రాసుకోవచ్చు. అప్పుడు (A − λI)v = 0 వస్తుంది. ఒక మ్యాట్రిక్స్ ఏయే వెక్టర్లను సున్నా చేస్తుందో అవన్నీ కలిపితే దాని నల్ స్పేస్. అంటే v ఉండేది A − λI నల్ స్పేస్‌లోనే. ఇవే స్టెప్పులు వెనక్కి కూడా నడుస్తాయి కాబట్టి, ఆ నల్ స్పేస్‌లో సున్నా కాని ప్రతి వెక్టరూ ఐగెన్ వెక్టరే.

A − 5I చేసే పని ఏమిటో కూడా చూడండి. A చేసిన దాంట్లోంచి "అచ్చంగా 5 రెట్లు" అనే భాగాన్ని తీసేసి, మిగిలింది చూపిస్తుంది. (1, 0) కి (4, 2) లోంచి (5, 0) తీసేస్తే (−1, 2) మిగులుతుంది. (1, 1) కి ఏమీ మిగలదు. A నల్ స్పేస్‌లోనే వెతికితే λ = 0 కి చెందిన వెక్టర్లు మాత్రమే దొరుకుతాయి.

λ ఏదో ఒక సంఖ్య అయితే సరిపోదు. A − λI కి ఇన్వర్స్ ఉంటే, రెండు వైపులా దానితో గుణించగానే v = 0 అని తేలిపోతుంది. సున్నా వెక్టర్ మనకు పనికిరాదు. కాబట్టి ఇన్వర్స్ లేకుండా పోవాలి, అంటే డిటర్మినెంట్ సున్నా కావాలి. మన ఉదాహరణలో λ² − 7λ + 10 = 0, λ = 5 లేదా 2.

```
A − 5I = | -1   1 |     A − 2I = | 2  1 |
         |  2  -2 |              | 2  1 |
```

మొదటి దాంట్లో రెండో వరుస మొదటి వరుసకు −2 రెట్లు. అంటే రెండు సమీకరణాలూ నిజానికి ఒకటే: y = x. అందుకే (1, 1), దాని గుణిజాలు వస్తాయి. రెండో దాంట్లో 2x + y = 0, అంటే (1, −2). గుణించి చూస్తే (2, −4) వస్తుంది, సరిగ్గా 2 రెట్లు.

పేపర్లు దిద్దుతుంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇక్కడే. వరుసలు ఒకదానిలో ఒకటి కలవవు, x = 0, y = 0 వస్తుంది, అదే జవాబుగా రాసేస్తారు. అలా వచ్చిందంటే λ తప్పు, లేదా A − λI రాయడంలో తప్పు, లేదా λ ని రౌండ్ చేశారు. ఈ మూడోది చాలామందికి తట్టదు. ఈ మ్యాట్రిక్స్ చూడండి:

```
B = | 2  1 |
    | 1  1 |
```

దీని పెద్ద ఐగెన్ వాల్యూ (3 + √5)/2. దాన్ని 2.618 అని రాసుకుంటే, మొదటి వరుస y = 0.618x అంటుంది, రెండో వరుస x = 1.618y, అంటే దాదాపు y = 0.61805x అంటుంది. అసలైతే ఒకటే కావలసిన గీత, కాస్త తేడా ఉన్న రెండు గీతలయింది. అవి సున్నా దగ్గర తప్ప ఎక్కడా కలవవు. అందుకే √5 ని అలాగే ఉంచండి. దశాంశాలే వాడాలంటే, 2×2 లెక్కలో ఒక వరుసను వదిలేసి రెండోదాంతో v కనుక్కోండి, అది సుమారు విలువని గుర్తుంచుకుని.