మంట రాకపోయినా పేలుడు నష్టానికి క్లెయిమ్ ఉంటుంది

ప్రశ్న: కాజీపేటలో మా ఇంట్లో గ్యాస్ లీకై వంటగది పేలింది. మంట పెద్దగా రాలేదు. సిలిండర్ బాగానే ఉంది కానీ గోడలు పగిలాయి, కిటికీలు ఊడాయి. హోమ్ పాలసీ డబ్బులు ఇస్తుందా?

మీది 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన ‘భారత్ గృహ రక్ష’ అయితే భయం వద్దు. అందులో అగ్నిప్రమాదం ఒకటి, పేలుడు మరొకటి, రెండూ విడివిడిగా కవర్ అవుతాయి. మసి లేదన్న కారణంతో క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదు. గోడలకు బిల్డింగ్ కవర్, ఫ్రిజ్, గిన్నెలకు కంటెంట్స్ కవర్ ఉండాలి. బ్యాంకు లోన్‌తో తీసుకున్న పాలసీల్లో చాలాసార్లు బిల్డింగ్ ఒక్కటే ఉంటుంది, చూసుకోండి.

హనుమకొండలో మా బాబాయి వాళ్లింట్లో ఇలాగే జరిగింది. రాత్రి లీకైన గ్యాస్ గాలికంటే బరువు కాబట్టి నేల మీద పరుచుకుంది. పొద్దున లైటు స్విచ్ వేయగానే గది పేలింది. ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన సర్వేయర్ మొదట అడిగింది, ‘సిలిండర్ పేలలేదు కదా?’ అని. పేలేది గదిలో గాలితో కలిసిన గ్యాస్, సిలిండర్ చెక్కుచెదరకుండా ఉండటం మామూలే. ఫైర్ వాళ్ల రిపోర్టులో కారణం గ్యాస్ లీక్ అని రాసి ఉండటంతో ఆయన ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మీరూ ఆ రిపోర్టు, పోలీసుల పంచనామా కాపీలు తీసుకోండి, కారణం దగ్గర ఏం రాశారో చదవండి.

ఏజెన్సీ మనిషి చెకింగ్ కోసమని సిలిండర్ తీసుకుపోవడానికి వచ్చాడు. మా పిన్ని ముందు దాని నంబరు, రెగ్యులేటర్, పైపు మీది ఐఎస్ఐ గుర్తు, సంవత్సరం ఫొటోలు తీసి, ఏమేం తీసుకుపోతున్నాడో కాగితం మీద రాయించుకుని అప్పుడు ఇచ్చింది. రెగ్యులేటర్, పైపు, పొయ్యి మాత్రం సర్వేయర్ చూసేదాకా ఇంట్లోనే ఉంచింది. ఇంకా లీకవుతుంటే మాత్రం సాక్ష్యం కోసం ఆగకండి, గ్యాస్ లీక్ హెల్ప్‌లైన్ 1906కు ఫోన్ చేసి సిలిండర్‌ను బయటికి తీయించండి.

అసలు గొడవ గోడ పగుళ్ల దగ్గర వచ్చింది. అవి పాతవన్నాడు సర్వేయర్. కొత్త పగులు అంచులు పదునుగా ఉంటాయి, లోపల దుమ్ము, సున్నం ఉండవు. దగ్గర నుంచి తీసిన ఫొటోలకు తోడు, అదే గోడ కనిపించే గృహప్రవేశం ఆల్బమ్ చూపించాం. ఒప్పుకున్నాడు. అందుకే సర్వే అయ్యేదాకా ప్లాస్టరింగ్ చేయించకండి, విరిగిన సామాను పారేయకండి.

పొయ్యి నాబ్ ఆపడం మర్చిపోయినా క్లెయిమ్ పోదు. పాలసీ మినహాయించేది కావాలని చేసిన పనినే. అడిగితే జరిగింది జరిగినట్టే చెప్పండి.

ఇంకోటి, ఆయిల్ కంపెనీల ఇన్సూరెన్స్ కింద కనెక్షన్ ఉన్న అడ్రసులోని ఆస్తి నష్టానికి ఒక్కో ప్రమాదానికి 2 లక్షల దాకా వస్తుంది. దానికి మీరు ప్రీమియం కట్టక్కర్లేదు. ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలిపి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఒకే నష్టానికి రెండు చోట్లా పూర్తి డబ్బు రాదు కాబట్టి అక్కడ క్లెయిమ్ పెట్టిన సంగతి మీ ఇన్సూరెన్స్ కంపెనీకీ చెప్పండి.