గడువు దాటిన చెక్కు: మార్చి ఇవ్వమని ఎలా అడగాలి?

ప్రశ్న: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి తోతాపురి కాయ తోలాను. జూలై 10 తేదీతో 48,600 రూపాయల చెక్కు ఇచ్చారు. నవంబరులో బ్యాంకుకు తీసుకెళితే చెల్లదన్నారు. వాళ్లతో గొడవ పడకుండా ఎలా అడగాలి?

జవాబు: టెన్షన్ పడకండి. 2012 ఏప్రిల్ నుంచి చెక్కు దానిపై ఉన్న తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. చెల్లనిది ఆ కాగితమే, మీకు రావాల్సిన బాకీ అలాగే ఉంది. కాబట్టి బతిమాలాల్సిన పని లేదు, నిందించాల్సిన పనీ లేదు. ఇలా రాయండి:

"అయ్యా, నమస్కారం. తోతాపురి కాయలకు మీరు జూలై 10 తేదీతో ఇచ్చిన 48,600 రూపాయల చెక్కును గడువులోగా బ్యాంకులో వేయలేకపోయాను. దయచేసి కొత్త చెక్కు ఇవ్వండి, లేదా ఇదే చెక్కుపై తేదీ మార్చి సంతకం చేయండి. కొత్తది అందగానే పాతది తిరిగి ఇస్తాను. ఈ నెల 25లోగా తెలియజేయగలరు."

చెక్కు నంబరు, బ్యాంకు పేరు కూడా చేర్చండి. తేదీ మీరు మాత్రం దిద్దకండి. పాత తేదీ కొట్టేసి కొత్తది వేసి, పక్కనే పూర్తి సంతకం పెట్టాల్సింది చెక్కు ఇచ్చినవాళ్లే. కంపెనీ చెక్కు మీద రెండు సంతకాలుంటే మార్పు దగ్గరా రెండూ ఉండాలి. నా సలహా అయితే కొత్త చెక్కే అడగండి, దిద్దిన చెక్కును బ్యాంకు అనుమానంగా చూసే అవకాశం ఎక్కువ.

ఉత్తరంతో జిరాక్స్ మాత్రమే ఇచ్చి, మీ కాపీపై అందినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి. కొత్తది చేతికొచ్చేదాకా అసలు చెక్కు మీ దగ్గరే ఉండాలి. గడువు దాటాక వేసిన చెక్కు వెనక్కొస్తే చెక్ బౌన్స్ కేసు నిలవదు.